బిడ్ తిరస్కరించినప్పుడు కోర్టు అడిగే ప్రశ్న వేరు

టెండర్‌లో బిడ్ తిరస్కరణకు గురైన సంస్థ మొదట అనే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇంత చిన్న తప్పుకు పక్కన పెట్టేస్తారా?" అర్జీ అలాగే రాస్తారు, వకీలుకూ అలాగే చెప్తారు, రిట్ పిటిషన్‌లో మొదటి పేజీ అంతా అదే ఉంటుంది. కోర్టులు ప్రధానంగా చూసేది మాత్రం తప్పు చిన్నదా పెద్దదా అన్నది కాదు. ఆ షరతు ముందే రాసి ఉందా, దాన్ని అందరికీ ఒకే కొలతతో వాడారా, వచ్చిన మనిషి సమయానికి వచ్చాడా అన్నది చూస్తాయి. ఈ తేడా తెలియక గెలవగలిగే కేసులు ఓడిపోతుంటాయి. నిలబడని కేసుల మీద నెలలు పోతుంటాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుని చూస్తే ఈ తేడా తేటగా కనబడుతుంది.

ఒక ప్రభుత్వ వైద్య విభాగం 300 పేషెంట్ మానిటర్ల సరఫరాకు టెండర్ పిలిచింది. రెండు కవర్ల పద్ధతి: ముందు టెక్నికల్ బిడ్ తెరుస్తారు, అందులో నెగ్గినవాళ్ల ప్రైస్ బిడ్ మాత్రమే తర్వాత తెరుస్తారు. బిడ్ 120 రోజులు చెల్లుబాటులో ఉండాలి. బయానాగా ఇచ్చే బ్యాంకు గ్యారంటీ అంతకన్నా 45 రోజులు ఎక్కువ, అంటే 165 రోజులు చెల్లాలి. ఈ 45 రోజుల లెక్క భారత కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో ఉన్నదే. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 170వ నియమం మామూలుగా ఇంత గడువు ఉండాలని చెబుతుంది. మూడు సంస్థలు బిడ్ వేశాయి. వాటిని క, ట, త అనుకుందాం.

బిడ్ల ఆఖరు తేదీ మొదట ఫిబ్రవరి 23. క సంస్థ ముందే బ్యాంకుకు వెళ్లి, ఆ తేదీ నుంచి 165 రోజులు లెక్కేసుకుని, ఆగస్టు 7 వరకు చెల్లే గ్యారంటీ తీసుకుంది. తర్వాత విభాగం కొరిజెండం, అంటే టెండర్ పత్రానికి ఒక సవరణ, ఇచ్చి ఆఖరు తేదీని మార్చి 10కి జరిపింది. ఇప్పుడు గ్యారంటీ ఆగస్టు 22 వరకు చెల్లాలి. క సంస్థలో కొరిజెండం చూసినవాళ్లు "ఇంకో 15 రోజులు టైమ్ దొరికింది" అనుకున్నారు గానీ, బ్యాంకు గ్యారంటీ మీద ఉన్న తేదీని ఎవరూ మళ్లీ చూడలేదు. ఇలాంటి లోపాలు చాలావాటికి పుట్టుక ఇక్కడే. బిడ్ తయారుచేసిన మనిషికి అజాగ్రత్త ఉండి కాదు, తేదీ మారినప్పుడు దానితోపాటు ఇంకా ఏవేవి మారతాయో వెతికే పని ఎవరికీ అప్పగించకపోవడం వల్ల.

ట సంస్థ ఇచ్చిన మానిటర్‌కు బ్యాటరీ 3 గంటలే నడుస్తుంది, టెండర్ అడిగింది 4 గంటలు. దాని గురించి వాదన లేదు. అడిగిన వస్తువు కాకుండా వేరే వస్తువు ఇస్తామన్నట్టు, అంతే.

త సంస్థ తయారీదారు కాదు, డీలర్. తయారీదారు నుంచి ఆథరైజేషన్ లెటర్ బిడ్‌తో పాటే పెట్టాలని టెండర్ చెప్పింది. త పెట్టలేదు. బిడ్లను పరిశీలించే కమిటీ దాన్ని "క్లారిఫికేషన్" పేరుతో అడిగితే, మార్చి 18 తేదీ వేసిన లెటర్ తెచ్చి ఇచ్చింది. కమిటీ తీసుకుంది.

మార్చి 28న ఫలితం వచ్చింది. క, ట "నాన్ రెస్పాన్సివ్", అంటే టెండర్ షరతులకు తగ్గట్టు లేవని తేల్చారు, త ఒక్కటే అర్హత పొందింది. ఏప్రిల్ 2న దాని ప్రైస్ బిడ్ తెరిచారు, 9న అంగీకార పత్రం ఇచ్చారు.

లోపం ముఖ్యమైనదా, కాదా: ఎవరు తేల్చాలి?

లోపాలన్నీ ఒకటి కావన్న మాట అన్ని దేశాల సేకరణ చట్టాల్లోనూ ఏదో రూపంలో ఉంటుంది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 2011లో తయారుచేసిన నమూనా చట్టం, బిడ్‌లో షరతుల సారాన్ని మార్చని చిన్న తేడాలు, సారాన్ని తాకకుండా సరిచేయగల పొరపాట్లు ఉన్నా దాన్ని సరైన బిడ్‌గానే చూడవచ్చని చెబుతుంది. ప్రపంచ బ్యాంకు టెండర్ పత్రాల్లో వాడే కొలత ఇంకా పనికొచ్చేది. వస్తువు పరిధిని గానీ నాణ్యతను గానీ పనితీరును గానీ గట్టిగా దెబ్బతీసే లోపం ముఖ్యమైనది. కొనుగోలుదారు హక్కులను తగ్గించే లోపమూ ముఖ్యమైనదే. మూడోది అసలైనది: ఆ లోపాన్ని ఇప్పుడు సరిచేయనిస్తే, షరతు పాటించి బిడ్ వేసిన మిగతావాళ్లకు అన్యాయం జరుగుతుందా?

క సంస్థ గ్యారంటీని ఈ మూడో ప్రశ్నతో కొలిచి చూడాలి. బయానా దేనికి? బిడ్ తెరిచాక బిడ్డర్ వెనక్కి పోకుండా కట్టిపడేయడానికి. కాంట్రాక్టు దక్కినవాడు సంతకం పెట్టకపోయినా, ఒప్పందం సరిగా నెరవేరుస్తామన్న హామీగా ఇచ్చే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ కట్టకపోయినా ప్రభుత్వం ఆ డబ్బు జప్తు చేసుకుంటుంది. గ్యారంటీ గడువు తక్కువున్నవాడికి "పొడిగించుకో" అని బిడ్లు తెరిచాక చెబితే, అతని చేతికి ఒక వెసులుబాటు దొరుకుతుంది. పరిస్థితి లాభంగా కనబడితే పొడిగిస్తాడు, లేదంటే ఊరుకుని నష్టం లేకుండా బయటపడతాడు. మిగతా బిడ్డర్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే బయానా లోపాలను చాలా చోట్ల ముఖ్యమైన లోపాలుగానే చూస్తారు. అమెరికాలో సీల్డ్ బిడ్ పద్ధతిలో బిడ్ బాండ్ లోపం ఉంటే సాధారణంగా బిడ్ ఆమోదయోగ్యం కాదన్నది స్థిరపడిన వైఖరి.

క తరఫున కూడా చెప్పగలిగినది ఉంది. బిడ్ చెల్లుబాటు జూలై 8తో ముగుస్తుంది. గ్యారంటీ ఆగస్టు 7 వరకు ఉంది. అంటే బిడ్ బతికున్న ప్రతి రోజూ ప్రభుత్వానికి రక్షణ ఉంది, తర్వాత కూడా 30 రోజులు ఉంది. తగ్గింది తోక భాగం 15 రోజులే. ఇది తీసిపారేయదగ్గ వాదన కాదు. కమిటీ ఈ మాట ఒప్పుకుని గ్యారంటీని పొడిగించమని అడిగి ఉంటే, దాన్ని సమర్థించుకోవడానికి దారి ఉండేది.

కానీ కమిటీ ఒప్పుకోలేదు. ఇప్పుడు కోర్టు కమిటీని "ఒప్పుకో" అని ఆదేశిస్తుందా?

ఈ ప్రశ్నకు భారత సుప్రీంకోర్టు తీర్పులు రెండు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రెండూ బయానా గురించినవే. మొదటిది 1991 నాటి పొద్దార్ స్టీల్ కార్పొరేషన్ కేసు. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ ఇనుప తుక్కు అమ్మడానికి టెండర్ పిలిచింది. బయానా నగదుగా గానీ స్టేట్ బ్యాంక్ మీద డిమాండ్ డ్రాఫ్టుగా గానీ కట్టాలని షరతు. అందరికన్నా ఎక్కువ ధర చెప్పిన సంస్థ యూనియన్ బ్యాంక్ చెక్కు పెట్టింది. బ్యాంకే సర్టిఫై చేసిన చెక్కు అది. కార్యాలయం దాన్ని ఒప్పుకుంది. పోటీదారు కోర్టుకెక్కాడు. షరతుల్లో ప్రధానమైనవి, అనుబంధమైనవి అని రెండు రకాలుంటాయని, అనుబంధ షరతును అక్షరాలా పాటించాలని పట్టుబట్టక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పి, ఆ అంగీకారాన్ని నిలబెట్టింది.

రెండోది 2016 నాటి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసు. అక్కడ బిడ్డర్ ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ టెండర్‌లో చెప్పిన నమూనాలో లేదు. సంస్థ బిడ్‌ను తిరస్కరించింది. హైకోర్టు బిడ్డర్ వైపు మొగ్గింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, నమూనా పాటించాలన్న షరతు ముఖ్యమైనదా కాదా అన్నది టెండర్ పిలిచినవాళ్లు తేల్చుకోవలసిన విషయమని, ఆ నిర్ణయాన్ని కోర్టులు గౌరవించాలని చెప్పింది.

పొద్దార్ స్టీల్‌ను బిడ్డర్ల వకీళ్లు, సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్‌ను ప్రభుత్వ వకీళ్లు ఎదురెదురుగా పెట్టి చదువుతుంటారు. కానీ ఒకసారి ఎవరు గెలిచారో చూడండి. మొదటి కేసులో కార్యాలయం ఒప్పుకుంది, కోర్టు ఆ నిర్ణయంతో ఉంది. రెండో కేసులో కార్యాలయం తిరస్కరించింది, కోర్టు ఆ నిర్ణయంతోనే ఉంది. రెండూ చెప్పే అసలు సంగతి ఒకటే: చిన్న లోపాన్ని మన్నించే వీలు కార్యాలయానికి ఉంది, మన్నించి తీరాలన్న హక్కు బిడ్డర్‌కు లేదు. అదే 2016లో ఆఫ్కాన్స్, నాగ్‌పూర్ మెట్రో కేసులో కూడా, టెండర్ పత్రం రాసినవాళ్లే దాని అర్థం చెప్పడానికి తగినవాళ్లని, ఆ అర్థం కోర్టుకు నచ్చకపోయినంత మాత్రాన జోక్యం కుదరదని అదే కోర్టు చెప్పింది. దురుద్దేశమో, మొండి అసంబద్ధతో కనబడితే తప్ప.

కాబట్టి క సంస్థ "15 రోజుల తేడా చిన్నది" అన్న ఒక్క వాదనతోనే వెళ్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. టెండర్ పత్రంలో "ఈ గడువు లేని గ్యారంటీతో వచ్చిన బిడ్ తిరస్కరించబడుతుంది" అని స్పష్టంగా రాసి ఉంటే ఆ వాదనకు ఊపిరి అసలే ఉండదు.

కమిటీ ఓడిపోయేది ఎక్కడ?

కమిటీకి ఉన్న ఈ వెసులుబాటుకు ఒక గట్టి హద్దు ఉంది. మన్నిస్తే అందరినీ మన్నించాలి, పట్టుకుంటే అందరినీ పట్టుకోవాలి. క సంస్థ కేసులో బలమంతా ఇక్కడే ఉంది, తన గ్యారంటీలో కాదు. తన కాగితం 15 రోజులు తక్కువైతే ఒక్క మాట కూడా అడగకుండా బయటకు పంపారు. త సంస్థ తప్పనిసరి పత్రమే పెట్టకపోతే ఉత్తరం రాసి మరీ తెప్పించుకున్నారు.

క్లారిఫికేషన్ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా పట్టుకోవాలి. కమిటీకి వివరణ అడిగే హక్కు ఉంటుంది. బిడ్‌లో ఉన్న దాన్ని తేటపరచడం వివరణ. బిడ్‌లో లేనిదాన్ని తెచ్చి అతికించడం వివరణ కాదు. ఈ రెంటినీ విడదీయడానికి ఐరోపా న్యాయస్థానం 2013లో మనోవా కేసులో ఒక తేలికైన పరీక్ష ఇచ్చింది: అడిగిన పత్రం బిడ్ల ఆఖరు తేదీకి ముందే ఉనికిలో ఉందని నిష్పాక్షికంగా చూపగలరా? అక్కడ లోపించింది ఆఖరిగా ప్రచురించిన బ్యాలెన్స్ షీటు. అది ముందే ఉన్న పత్రం కాబట్టి తర్వాత అడగడం తప్పు కాదంది. అయితే ఆ పత్రం లేకపోతే బిడ్ పక్కన పెడతామని టెండర్‌లోనే రాసి ఉంటే మాత్రం అడగకూడదని కూడా అదే తీర్పులో చెప్పింది.

త సంస్థ లెటర్ మీద తేదీ మార్చి 18. మార్చి 10న ఆ కాగితం ఈ లోకంలోనే లేదు. త దీనికి ఒక జవాబు చెప్పవచ్చు: "మా డీలర్‌షిప్ ఒప్పందం జనవరిదే, లెటర్ దాన్ని నిర్ధారించిందంతే" అని. ఆ ఒప్పందం నిజంగా ఉండి, అది ఈ మోడల్‌కూ ఈ టెండర్‌కూ వర్తించేదైతే ఆ జవాబుకు కొంత విలువ ఉంటుంది. లేకపోతే, ఆఖరు తేదీ నాటికి త సంస్థకు ఆ మానిటర్లు అమ్ముతామని చెప్పే అధికారమే లేదన్నమాట. అధికారం లేనివాడు చెప్పిన ధరను తీసుకుని, తర్వాత అధికారం తెచ్చుకోనిచ్చారన్నమాట. అందుకే ఇలాంటి వివాదాల్లో లెటర్‌లో ఏం రాశారన్నదానికన్నా కింద కుడివైపు మూలలో వేసిన తేదీ ముందు చూడాలి.

2024లో బన్సీధర్ కన్‌స్ట్రక్షన్, భారత్ కోకింగ్ కోల్ కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నది ఈ దారిలోనే. ఒక బిడ్డర్‌ను సాంకేతిక కారణంతో పక్కన పెట్టి, గెలిచిన బిడ్డర్ విషయంలో తప్పనిసరి షరతులను సడలించారని తేల్చి, కాంట్రాక్టును కొట్టేసి కొత్తగా టెండర్ పిలవమంది. టెండర్ వ్యవహారాల్లో కోర్టులు వెనక్కి తగ్గి ఉండాలన్న సూత్రాన్ని ఆ తీర్పు కాదనలేదు. కొలత రెండు రకాలుగా వాడినప్పుడు ఆ వెనక్కి తగ్గడం వర్తించదని చూపించింది.

అయితే క సంస్థకు ఇక్కడ ఒక గుంట ఉంది, దాన్ని చూడకుండా దూకకూడదు. "నీ బిడ్డే సరిగా లేదు, అవతలివాడి బిడ్ గురించి నీకెందుకు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 1998 డిసెంబరులో రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే అంది. అర్హత షరతు సడలించారని ఫిర్యాదు చేసిన సంస్థ తాను కూడా ఆ షరతును తీర్చలేదు కాబట్టి, ఆ సడలింపు మీద అభ్యంతరం చెప్పలేదంది. ఐరోపా న్యాయస్థానం వేరే దారి పట్టింది. 2013లో ఫాస్ట్‌వెబ్ కేసులో, ఇద్దరి బిడ్లలోనూ లోపం ఉందని ఒకరిమీద ఒకరు చెప్పుకుంటున్నప్పుడు, ఓడినవాడి ఫిర్యాదును వినకుండానే మూసేయకూడదని చెప్పింది. ఇద్దరూ పోతే టెండర్ మళ్లీ పిలవవలసి వస్తుంది, అందులో అతనికి న్యాయమైన ప్రయోజనం ఉంది కదా అన్నది అక్కడి తర్కం. ఈ తర్కం సరైనదనిపిస్తుంది. లోపం ఉన్న ఇద్దరిలో ఒకడి లోపాన్ని మాత్రమే చూసిన కమిటీని ప్రశ్నించే మనిషి ఇంకెవరు మిగులుతారు?

మన ఉదాహరణలో ట సంస్థ బ్యాటరీ దగ్గరే నిజంగా ఓడిపోయింది కాబట్టి, త కూడా పోతే మిగిలేది ఎవరూ లేరు. అంటే టెండర్ మళ్లీ పిలవాలి. ఈ ఒక్క విషయం పిటిషన్‌లో ముందే చెప్పుకోవాలి. ట సంస్థ బిడ్ సరైనదై ఉండి, కేవలం ధర ఎక్కువై ఓడిపోయి ఉంటే, త పోయినా కాంట్రాక్టు ట చేతికే వెళ్లేది. క సంస్థకు ఆ కేసులో దక్కేది శూన్యం. తనకు ఏమీ దక్కని కేసు వేసినవాడి మాట ఏ కోర్టులోనైనా పలచబడుతుంది.

కారణం అడగడం, వెంటనే అడగడం

మార్చి 28న పోర్టల్‌లో క సంస్థకు కనిపించింది ఒక్క మాట: నాన్ రెస్పాన్సివ్. దాని మీద ఏ వాదనా కట్టలేం. మొదటి పని కారణం రాతపూర్వకంగా అడగడం. భారత జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 173వ నియమం ప్రకారం, తిరస్కరణను ప్రశ్నించే ఏర్పాటు టెండర్ పత్రంలోనే ఉండాలి, బిడ్డర్ అడిగినప్పుడు తిరస్కరణ కారణం చెప్పాలి. ఆ అర్జీ పెట్టుకోవడానికి ఎన్ని రోజులో టెండర్ పత్రంలో రాసి ఉంటుంది. అవి వారం పది రోజుల లెక్కే గానీ నెలలు కావు.

కారణం చేతికి వస్తే దానికి ఇంకో ఉపయోగం ఉంది. 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ కేసు నుంచి నిలిచి ఉన్న సూత్రం ఏమిటంటే, ప్రభుత్వ ఆదేశం మంచిచెడ్డలను అందులో రాసిన కారణాలతోనే తేల్చాలి, తర్వాత అఫిడవిట్లలో కొత్త కారణాలు చేర్చి దానికి బలం పోయకూడదు. రాతపూర్వక కారణం లేకుండా కోర్టుకు వెళ్తే, ప్రభుత్వం జవాబుగా వేసే కౌంటర్‌లో గ్యారంటీ గడువుతో పాటు ఇంకో మూడు లోపాలు ప్రత్యక్షమవుతాయి. వాటిలో ఒకటైనా నిజమై ఉండవచ్చు. కారణం ముందే కాగితం మీద ఉంటే యుద్ధం ఆ ఒక్క కారణం మీదే జరుగుతుంది.

క సంస్థ అర్జీలో రాయవలసినవి కూడా కొద్దివే. గ్యారంటీ తేదీ ఎలా తేడా వచ్చిందో దాచకుండా చెప్పాలి, కొరిజెండం తేదీ చూపాలి. దాచినంత మాత్రాన కమిటీ చేతిలో ఉన్న కాగితం మారదు. దాచినట్టు కనబడితే రిట్‌లో మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. బిడ్ చెల్లుబాటు కాలమంతా గ్యారంటీ ఉందని చెప్పి, బ్యాంకు నుంచి ఆగస్టు 22 వరకు పొడిగింపు సవరణ పత్రాన్ని జతచేయాలి. త సంస్థకు ఏ పత్రం ఏ తేదీన తెచ్చుకోవడానికి అనుమతించారో అడగాలి. తననూ అదే కొలతతో చూడమని, లేదా ఇద్దరినీ అదే కొలతతో పక్కన పెట్టమని కోరాలి. తుది నిర్ణయం అయ్యేదాకా కాంట్రాక్టు మీద సంతకం ఆపమని కూడా రాయాలి. ఈ చివరి వాక్యాన్ని చాలామంది మరిచిపోతారు, దాని ఖరీదు మాత్రం తర్వాత తెలుస్తుంది.

ఎందుకంటే టెండర్ వివాదంలో అన్నిటికన్నా బలమైన పక్షం కాలమే. దీనికి 1979 నాటి రమణ దయారాం శెట్టి తీర్పుకు మించిన ఉదాహరణ లేదు. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు నడిపే టెండర్‌లో, రిజిస్టరైన రెండో తరగతి హోటల్ నడిపినవాళ్లే అర్హులని షరతు పెట్టి, ఆ అర్హత లేనివారికి ఇచ్చారు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన కొలతకు తానే కట్టుబడి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. భారత టెండర్ చట్టానికి పునాదిగా ఈనాటికీ చెప్పుకునే మాట అది. కానీ కేసు వేసినవారికి ఉపశమనం ఇవ్వలేదు. ఐదు నెలలకు పైగా ఆలస్యంగా వచ్చారు, ఈలోగా కాంట్రాక్టు పొందినవారు ఖర్చు పెట్టి పని మొదలుపెట్టారు. పిటిషనర్‌కు అందులో సొంత ఆసక్తి కూడా నిజంగా లేదని కోర్టుకు అనిపించింది. దేశానికి సూత్రం దొరికింది, పిటిషనర్‌కు మాత్రం ఏమీ దొరకలేదు.

ఈ కాలం సమస్యను కొన్ని దేశాలు చట్టంలోనే పరిష్కరించుకున్నాయి. ఆస్ట్రియాలో 1996లో రహదారుల మీద డేటా ప్రసార వ్యవస్థ సరఫరాకు పిలిచిన టెండర్‌లో, కాంట్రాక్టు ఎవరికన్నది తేల్చిన రోజే సంతకాలు కూడా అయిపోయాయి. మిగతా బిడ్డర్లు ప్రశ్నించడానికి నిర్ణయమన్నది మిగలలేదు, ఒప్పందమే మిగిలింది. అల్కాటెల్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1999లో ఐరోపా న్యాయస్థానం, సంతకానికి ముందే నిర్ణయాన్ని ప్రశ్నించే వీలు ఉండి తీరాలని చెప్పింది. దాని ఫలితమే స్టాండ్‌స్టిల్ అనే విరామం. 2007 నాటి సవరణతో, ఫలితాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెలిపితే కనీసం 10 రోజులు, లేకపోతే సాధారణంగా 15 రోజులు సంతకం పెట్టకూడదు. అమెరికాలో ఇంకో పద్ధతి. గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్‌కు కాంట్రాక్టు ఇచ్చిన 10 రోజుల లోపు ఫిర్యాదు అంది, ఆ కబురు కొనుగోలు సంస్థకు చేరితే, కొన్ని మినహాయింపులు తప్ప పని దానంతటదే ఆగిపోతుంది. 100 రోజుల్లో తీర్పు వస్తుంది.

అలాంటి తప్పనిసరి విరామం లేనిచోట, ఆపడానికి దారి కోర్టు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు ఒక్కటే. అది తేలిక కాదు. 2006లో జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: నిర్ణయం దురుద్దేశంతోనో, ఎవరికో మేలు చేయడానికో, బాధ్యత గల ఏ అధికారీ తీసుకోనంత అసంబద్ధంగానో జరిగిందా? ప్రజాప్రయోజనానికి దెబ్బ తగిలిందా? రెంటికీ కాదన్న జవాబు వస్తే జోక్యం ఉండదు. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో ఇంకా ముందుకు వెళ్లి, స్టే ఇవ్వడానికి కోర్టులు చాలా వెనకాడాలని, తప్పు జరిగితే నష్టపరిహారం దారి చూపాలని చెప్పింది. అది రోడ్డు పని కేసు. నష్టపరిహారం అన్నది వినడానికి బాగుంటుంది గానీ, కాంట్రాక్టు దక్కని సరఫరాదారు "నాకే వచ్చి ఉండేది" అని రుజువు చేయడం చాలా కష్టం. క లాంటి సంస్థకైతే, ధర కవరు తెరవనే లేదు కాబట్టి, దాదాపు అసాధ్యం.

ఆసుపత్రి పరికరాల విషయంలో ప్రజాప్రయోజనం వాదన ప్రభుత్వం వైపు మరింత బరువుగా ఉంటుంది. వార్డుల్లో మానిటర్లు కావాలి, స్టే ఇస్తే రోగులు ఇబ్బంది పడతారని కౌంటర్ మొదటి పేరాలోనే రాస్తారు, అది అబద్ధమూ కాదు. దీనికి క సంస్థ సిద్ధంగా వెళ్లాలి. ఉదాహరణకు, అత్యవసరమైన కొన్ని యూనిట్లు కోర్టు తుది తీర్పుకు లోబడి కొనుక్కోనిచ్చి మిగతా ఆర్డర్ ఆపమని అడగవచ్చు. "అంతా ఆపండి" అన్నదానికన్నా ఇది వినిపించుకునే కోరిక.

ఏప్రిల్ 9న అంగీకార పత్రం వెళ్లింది. సంతకాలు ఏప్రిల్ 14న అనుకుందాం. అర్జీ ఏప్రిల్ 3 నాటికి కార్యాలయంలో ఉండి, జవాబు కోసం కొద్ది రోజులు చూసి, 12లోపు రిట్ దాఖలైతే, కోర్టు ముందున్నది ఇంకా ఒక నిర్ణయం. మే నెలాఖరుకు వెళ్తే కోర్టు ముందున్నది ఒక ఒప్పందం, సగం డెలివరీ అయిన సరుకు, ఖర్చు పెట్టిన మూడో మనిషి. పిటిషన్‌లో ఒక్క వాక్యం మారకపోయినా, ఆ రెండూ వేర్వేరు కేసులు.

బిడ్ వేయకముందే ఓడిపోయే కేసులు

ఇంకో రకం వివాదం గురించి క్లుప్తంగా. టెండర్ షరతే ఒక సంస్థకు అనుకూలంగా కుట్టినట్టుందని, ఫలానా కంపెనీ మోడల్ చూసి స్పెసిఫికేషన్ రాశారని ఓడిపోయాక ఫిర్యాదు చేసేవాళ్లుంటారు. ఆ ఫిర్యాదు నిజమే కావచ్చు, కానీ అప్పటికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2007లో బ్లూ అండ్ గోల్డ్ ఫ్లీట్ కేసులో స్పష్టంగా చెప్పింది: పత్రంలో కంటికి కనబడే లోపాన్ని బిడ్ గడువు లోపే ప్రశ్నించాలి, లేకపోతే ఆ హక్కు వదులుకున్నట్టే. భారత కోర్టులూ, షరతులు ఒప్పుకుని పోటీలో దిగి, ఓడాక షరతులనే తప్పుపట్టేవారిని దగ్గరకు రానివ్వవు. ప్రీ-బిడ్ మీటింగ్‌లో అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన రాతపూర్వక జవాబు, జవాబు రాకపోతే పంపిన రిమైండర్, ఇవే ఆ కేసుకు సాక్ష్యం.

క సంస్థకు కూడా ఈ దశలో ఒక అవకాశం ఉండింది. తేదీ జరిపిన కొరిజెండం వచ్చినప్పుడు, "పాత తేదీకి తీసుకున్న బ్యాంకు గ్యారంటీలు చెల్లుతాయా?" అని పోర్టల్‌లో ఒక ప్రశ్న వేసి ఉంటే, జవాబు అవునన్నా కాదన్నా వివాదం అక్కడే తేలిపోయేది. కొన్ని కార్యాలయాలు తేదీ పొడిగించే కొరిజెండంలోనే ఆ మాట రాస్తాయి. రాయనిచోట పాత గ్యారంటీ చెల్లుతుందని ఊహించుకోవడానికి ఆధారం లేదు.

ఇక క సంస్థ కోర్టు నుంచి వాస్తవంగా ఆశించగలిగేది ఏమిటి? "కాంట్రాక్టు మాకే ఇవ్వండి" అన్న ఆదేశం రాదు, కమిటీ చేయవలసిన మూల్యాంకనాన్ని కోర్టు తన చేతిలోకి తీసుకోదు. "మా బిడ్‌ను అర్హమైనదిగా ప్రకటించండి" అన్నదీ, సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ తీర్పు ఉండగా, కష్టమే. అందుబాటులో ఉన్నవి రెండు. టెక్నికల్ దశ మూల్యాంకనాన్ని పక్కన పెట్టి, ఆఖరు తేదీ తర్వాత తెచ్చిన పత్రాల విషయంలో అందరికీ ఒకే నియమం వాడి మళ్లీ చేయమనడం ఒకటి. మొత్తం రద్దు చేసి కొత్తగా పిలవమనడం రెండోది. మొదటిదాంట్లో కమిటీ కఠినమైన నియమాన్నే ఎంచుకుంటే క, త ఇద్దరూ పోతారు, చివరకు అదీ రెండోదానికే చేరుతుంది. పిటిషన్ చివర ప్రార్థన పేరా రాసేటప్పుడు ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి ప్రత్యామ్నాయాలుగా ఉండాలి. కాంట్రాక్టు తనకే ఇప్పించమన్న కోరిక ఒక్కటే రాసుకున్న పిటిషన్, లోపల ఎంత మంచి వాదన ఉన్నా, కోర్టు ఇవ్వగలిగినదాన్ని అడగకుండానే ముగుస్తుంది.